మూడు కథలు, ఒక మనిషి: ‘కేరాఫ్ కంచరపాలెం’ చిత్రంలో కథాసంధాన విధానం – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

ఒకే ఇతివృత్తం చుట్టూ అల్లిన రెండు మూడు చిన్న కథలను ఒకే చిత్రంగా కూర్చే పద్ధతి తెలుగు తెరమీద గత పదిహేనేళ్లలో స్థిరపడింది. దీనిని ఆంథాలజీ అని వ్యవహరిస్తున్నారు. ఈ వ్యాసంలో ‘కథాసంపుటి చిత్రం’ అనే మాటను వాడుతున్నాను. ఇటువంటి చిత్రానికి కథ రాసేవారు ముందుగా ఇతివృత్తాన్ని నిర్ణయించుకుంటారు. ప్రేమ, డబ్బు, ఒంటరితనం వంటి ఒక మాటను తీసుకొని, దానికి సరిపడే మూడు కథలను సిద్ధం చేసుకుంటారు. అయితే ఇతివృత్తం ఒకటైనంత మాత్రాన మూడు కథలు ఒక చిత్రం కావు. హరికథలో భాగవతార్ చెప్పే పిట్టకథలన్నీ ప్రధాన కథలోని నీతికే సంబంధించినవి. అయినా వాటిలో ఒకదానిని మానేసి మరొకటి చెప్పినా ఆ రాత్రి కథాగమనానికి లోటు రాదు. ఇతివృత్తం కథలను పక్కపక్కన కూర్చోబెట్టగలదు. ఒకదానికొకటి అవసరమయ్యేటట్లు చేయాలంటే వేరొక సంధానం కావాలి.

ఆ సంధానం ఎటువంటిది, దానిని రచనలో ఎలా సాధిస్తారు, దానికి చెల్లించవలసిన మూల్యం ఏమిటి అన్న ప్రశ్నలను విశాఖపట్నం నేపథ్యంగా వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’ చిత్రం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. వెంకటేష్ మహా రచన, దర్శకత్వంలో, పరుచూరి ప్రవీణ నిర్మాతగా రూపొందిన ఈ చిత్రం 2018 సెప్టెంబరు 7న విడుదలైంది. నటుల్లో ఎక్కువమంది కంచరపాలెం వాసులే. ఇది నిడివిలో పూర్తిస్థాయి చిత్రమే. అయితే గతానికి చెందిన మూడు చిన్న ప్రేమకథలు, వాటిని మోసే ఒక వర్తమాన కథ అనే దీని నిర్మాణం లఘుచిత్ర రచయితకు కూడా ఉపయోగపడే నమూనా.

సంధాన విధానాలు – పూర్వరంగం

సంపుటి చిత్రంలో సంధానం ఉన్నదో లేదో తెలుసుకోవడానికి సులువైన పరీక్ష తొలగింపు. ఒక కథను తీసివేస్తే మిగిలినవి చెక్కుచెదరకుండా నిలుస్తాయా? ఈ పరీక్ష చరిత్రలో ఒకసారి నిజంగానే జరిగింది. రవీంద్రుని శతజయంతి సంవత్సరమైన 1961లో సత్యజిత్ రాయ్ ఆయన కథలు మూడింటిని ‘తీన్ కన్యా’ పేరుతో చిత్రించాడు. విదేశీ ప్రదర్శనకు వచ్చేసరికి నడిమి కథ ‘మణిహార’ను విడిచిపెట్టి, మిగిలిన రెండు కథలను ‘ఇద్దరు కుమార్తెలు’ అనే అర్థం వచ్చే ఇంగ్లీషు పేరుతో ప్రదర్శించారు. ఆ రెండు కథలకూ లోటు రాలేదు. ఇది ఆ చిత్రానికి దోషం కాదు. అది మూడు స్వతంత్ర కథల సంపుటి. స్త్రీ కేంద్రంగా ఉండడమే వాటి మధ్య సామ్యం.

తెలుగులో ఈ తొలగింపుకు లొంగని నిర్మాణాలు వేరే మార్గాల్లో వచ్చాయి. క్రిష్ ‘వేదం’ (2010)లో అయిదు కథలు సంఘటన ద్వారా కలుస్తాయి. సిరిసిల్ల నేతకార్మికుడు, అమలాపురం నుంచి బయలుదేరిన వేశ్య, హైదరాబాదు బస్తీలోని కేబుల్ రాజు, సంగీతకారుడు కావాలనుకునే వివేక్, అవమానాలకు గురైన రహీముద్దీన్ అనే అయిదుగురూ హైదరాబాదు ఆసుపత్రిలో ఒకే విపత్తు ముందు నిలబడతారు. ఇక్కడ సంధానం వెలుపలి నుంచి వస్తుంది. అంతవరకూ ఎవరి కథ వారిది. విపత్తు అందరికీ ఒకే పరీక్ష పెడుతుంది.

చంద్రశేఖర్ యేలేటి ‘మనమంతా’ (2016)లో సంధానం బంధుత్వం. వేర్వేరు జీవితాలుగా కనిపించిన నలుగురూ ఒకే ఇంటివారని చివర తెలుస్తుంది. ప్రశాంత్ వర్మ ‘అ!’ (2018) మరొక అడుగు వేసి, పాత్రలన్నిటినీ ఒకే స్త్రీ మనస్సులోని రూపాలుగా చూపింది. ఈ రెండింటిలోనూ కథలు సంఘటన వల్ల కలవవు. అవి మొదటి నుంచీ ఒకటే, మనకు తెలియదంతే. ‘కేరాఫ్ కంచరపాలెం’ కూడా ఈ శాఖకే చెందుతుంది. దీనిని ‘అభేద సంధానం’ అనవచ్చు.

తెలుగు సాహిత్య విద్యార్థులకు ఈ విధానం కొత్తది కాదు. పదహారవ శతాబ్దిలోనే పింగళి సూరన ‘కళాపూర్ణోదయము’లో మణికంధరుడే కళాపూర్ణుడు, కలభాషిణే మధురలాలస అనే జన్మాంతర సంబంధంతో వేర్వేరు వృత్తాంతాలను ముడివేశాడు. అక్కడ కథలను కలిపేది పునర్జన్మ. కంచరపాలెం కథలో పునర్జన్మ లేదు; ఒక మనిషి ఒకే జన్మలో నాలుగు పేర్లతో బతుకుతాడు.

కథల స్వరూపం

చిత్రంలో నాలుగు ప్రేమకథలు కలగలిసి సాగుతాయి. బడిపిల్లవాడు సుందరం తన తోటి విద్యార్థిని సునీతను ఇష్టపడతాడు. సుందరం తండ్రి వినాయక విగ్రహాలు చేసే మనిషి. సునీత తండ్రి ఆమెను సుందరానికి దూరం చేస్తాడు. దేవుణ్ణి వేడుకున్నా ఫలితం లేకపోవడంతో పిల్లవాడు కోపంతో విగ్రహాన్ని పగలగొడతాడు. ఆ తరువాత తండ్రి చనిపోతాడు. రెండవ కథలో జోసెఫ్ అనే క్రైస్తవ యువకుడు, భార్గవి అనే బ్రాహ్మణ యువతి ప్రేమించుకుంటారు. తండ్రి పట్టుదల ముందు ఆ ప్రేమ నిలవదు. మూడవ కథలో మద్యం దుకాణంలో పనిచేసే గడ్డం, ముసుగు మాటున కళ్లు మాత్రమే కనిపించే సలీమాను ప్రేమిస్తాడు. ఆమె ముస్లిం, వేశ్యావృత్తిలో ఉన్న స్త్రీ. అదంతా తెలిసీ అతడు వెనుదిరగడు. ఆమె మరణంతో ఆ కథ ముగుస్తుంది.

నాలుగవది వర్తమాన కథ. నలభై తొమ్మిదేళ్లు వచ్చినా పెళ్లికాని రాజు ప్రభుత్వ కార్యాలయంలో అటెండరు. అదే కార్యాలయానికి ఒడిశా నుంచి అధికారిగా వచ్చిన రాధ వితంతువు, ఎదిగిన కూతురున్న తల్లి. వారి మధ్య స్నేహం పెళ్లి దాకా సాగుతుంది. ముగింపులో సుందరం, జోసెఫ్, గడ్డం, రాజు నలుగురూ ఒకరేనని ప్రేక్షకునికి తెలుస్తుంది.

ఈ నిర్మాణంలో రచయిత చేసిన మొదటి మంచి పని, ప్రశ్నను దాచకపోవడం. రాజుకు పెళ్లి ఎందుకు కాలేదన్నది చిత్రం ఆరంభం నుంచీ ఊరంతా బాహాటంగా అడిగే ప్రశ్న. దానిమీదే వేళాకోళాలు, వాడలో చర్చలు. ఆ ప్రశ్నకు సమాధానాలు కూడా దాచలేదు. మిగిలిన మూడు కథలూ ఆ సమాధానాలే, అవి మన కళ్లముందే జరుగుతున్నాయి. దాచినది ప్రశ్నకూ సమాధానానికీ మధ్య ఉన్న గీత ఒక్కటే. అందుకే ముగింపు వంచనగా తోచదు. రహస్యం మీద నడిచే కథలు చాలావరకు చివర్లో కొత్త సమాచారం తెచ్చి ప్రేక్షకుణ్ణి ఓడిస్తాయి. ఇక్కడ చివర్లో వచ్చే కొత్త సమాచారం చాలా కొద్ది. ప్రేక్షకుని దగ్గర ఉన్నదే కొత్త క్రమంలో అమరుతుంది.

పేరు – ఇతివృత్తమూ సంధానమూ

రెండవ అంశం పేర్లకు సంబంధించినది. ఈ చిత్రంలో కథల ఇతివృత్తం ప్రేమ అనడం సరిపోదు. కులం, మతం, వయస్సు, వృత్తి అనే గోడలు ప్రేమకు అడ్డుపడడం ఇతివృత్తం. మన సమాజంలో ఆ గోడలను ముందుగా తెలియజేసేది మనిషి పేరు. జోసెఫ్ అనగానే క్రైస్తవుడని, భార్గవి అనగానే ఫలానా ఇంటి పిల్ల అని, సలీమా అనగానే ముస్లిం అని వినేవారు నిర్ణయించుకుంటారు. చిత్రం చూస్తున్న ప్రేక్షకుడూ అదే చేస్తాడు. సుందరం, జోసెఫ్ వేర్వేరు మనుషులని అతడు నమ్మడానికి ప్రధాన కారణం వారి పేర్లు వేర్వేరు మతాలకు చెందడమే.

అంటే రహస్యాన్ని కాపాడినది ప్రేక్షకునిలో ఉన్న అలవాటు. పాత్రల మధ్య గోడలు కట్టిన ఆ అలవాటే, ప్రేక్షకునికి ఒక మనిషిని నలుగురిగా చూపింది. ముగింపులో ఆ నలుగురూ ఒకరేనని తెలిసినప్పుడు కూలేది కథలోని గోడ మాత్రమే కాదు. ఇతివృత్తం చెప్పదలచిన మాటను సంధానమే రుజువు చేస్తుంది. ఇతివృత్తమూ సంధానమూ ఒకే పదార్థంతో తయారుకావడం ఈ చిత్ర రచనలోని అసలు బలమని నా అభిప్రాయం. ‘మనమంతా’లో నలుగురూ ఒక కుటుంబమని తెలియడం ఆశ్చర్యాన్నీ ఆర్ద్రతనూ కలిగిస్తుంది. అయితే ప్రేక్షకుడు వారిని వేర్వేరుగా భావించడానికి కారణం వారు కలిసి కనిపించకపోవడమే. అతని నమ్మకాలకు అందులో పాత్ర లేదు.

పేర్ల వరుసను కాలక్రమంలో పెట్టి చూస్తే మరొక విషయం తేలుతుంది. సుందరం ఇంటి పేరుప్రతిష్ఠల లోపల పుట్టిన పేరు. తండ్రిని కోల్పోయిన తరువాతి జీవితంలో వచ్చిన పేరు జోసెఫ్. భార్గవిని కోల్పోయాక మిగిలినది ‘గడ్డం’. అది మతాన్ని చెప్పే పేరు కాదు. ముఖాన్ని చూసి నలుగురూ పిలిచే పిలుపు. ఇక చివరిదైన రాజు ఏ ప్రత్యేకతా లేని సామాన్యమైన పేరు. ఒక్కొక్క ప్రేమ భగ్నమైనప్పుడల్లా అతని పేరు నుంచి ఒక్కొక్క గుర్తింపు రాలిపోయింది. రాజు గుడికి దూరంగా ఉండడం మొదట ఒక వింత స్వభావంగా కనిపిస్తుంది. పగిలిన విగ్రహం అతని చేతిలోదేనని తెలిశాక, అది నలభై ఏళ్లుగా మోస్తున్న బరువని అర్థమవుతుంది. సంధానం సఫలమైందనడానికి ఇదే గుర్తు: ముగింపు తెలిశాక వెనుకటి దృశ్యం అర్థం మారాలి.

చిత్రం పేరులోనే ఈ ఎత్తుగడ ఉన్నది. ఉత్తరం మీద ‘కేరాఫ్’కు ముందు ఒక పేరు రాయాలి. ఇక్కడ ఆ పేరు లేదు, చిరునామా మాత్రమే ఉన్నది. అందువల్ల కథలను కలిపేది ఊరని ప్రేక్షకుడు అనుకుంటాడు. ఖాళీగా ఉంచిన ఆ పేరే అసలు సంధానమని చివరికిగాని తెలియదు.

ఉక్కునగరం కనిపించని విశాఖ

ఈ సంధానానికి చిత్రం పెద్ద మూల్యమే చెల్లించింది. నలుగురూ ఒకరే అయితే నాలుగు కథలూ నాలుగు వేర్వేరు కాలాలకు చెందాలి. వర్తమాన కథను చిత్రం విడుదలైన 2018 నాటిదిగా తీసుకుంటే, నలభై తొమ్మిదేళ్ల రాజు పుట్టినది 1969 ప్రాంతంలో. సుందరం బడికి వెళ్లిన కాలం 1980కి అటూ ఇటూ. జోసెఫ్ యౌవనం 1990 ప్రాంతం. గడ్డం కథ 2000 ప్రాంతం. ఈ లెక్క వేయగలిగిన ప్రేక్షకుడికి రహస్యం తెలిసిపోతుంది. కాబట్టి చిత్రం తెరమీద సంవత్సరాలను ప్రకటించదు. కాలాన్ని పట్టించే గుర్తులను ముందుకు తీసుకురాదు. నాలుగూ ఒకే కాలంలో, పక్కపక్క వీధుల్లో జరుగుతున్న కథలుగా తోస్తాయి.

ఇప్పుడు ఆ నాలుగు కాలాల పక్కన విశాఖ చరిత్రను పెట్టి చూడాలి. ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అనే నినాదంతో ఉద్యమం ఉవ్వెత్తున లేచినది 1966లో. ఉక్కు కర్మాగారానికి ప్రధాని ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసినది 1971 జనవరిలో. అంటే రాజు అప్పటికి పసివాడు. సుందరం బడికి పోయే రోజులు, జోసెఫ్ ఎదిగిన రోజులు కర్మాగార నిర్మాణపు రోజులు. కర్మాగారం 1992లో జాతికి అంకితమైంది. ఉద్యోగుల కోసం సెక్టార్లుగా విభజించిన ఉక్కునగరం నివాసప్రాంతంగా స్థిరపడింది. రేవుపట్టణం ఉక్కుపట్టణంగా మారిన కాలమూ ఈ మనిషి నాలుగు పేర్ల కాలమూ ఒకటే.

చిత్రంలో ఆ నగర పరిణామం కనిపించదు. కనిపించడానికి వీలు లేదు. రైలుమార్గానికి దగ్గరగా, పారిశ్రామికవాడ పక్కన పెరిగిన కంచరపాలెం ఈ నలభై ఏళ్లలో ఎంతో మారి ఉండాలి. ఆ మార్పును చూపిన క్షణంలో కథల మధ్య కాలవ్యవధి బయటపడుతుంది. మనుషుల మధ్య అభేదాన్ని దాచడానికి ఊరి చరిత్రను స్తంభింపజేయవలసి వచ్చింది. కేవలం రచనా సౌకర్యంగా దీనిని కొట్టిపారేయలేము. 1980లో ఒక బడిపిల్లల స్నేహానికీ 2000లో ఒక మతాంతర ప్రేమకూ ఎదురయ్యే ప్రతిఘటనలు ఒకటి కావు. వాటిని ఒకే కాలంలో పరిచినప్పుడు కులమతాల గోడ ఎప్పుడూ ఒకే ఎత్తున ఉన్నదనే భావన కలుగుతుంది. గోడ చరిత్ర మాయమై, గోడ మాత్రమే మిగులుతుంది.

దీనివల్ల పుట్టే మరొక చిక్కు కూడా ఉన్నది. అందరికీ అందరూ తెలిసిన వాడ ఇది. అటువంటి చోట ఒక మనిషి నాలుగు పేర్లతో బతికితే, పాత తరంవారికి ఆ సంగతి తెలియదా అనే సందేహం రెండోసారి చూసే ప్రేక్షకునికి కలుగుతుంది. ఊరిని సంధానంగా చూపి, అసలు సంధానాన్ని మనిషిలో దాచినప్పుడు ఊరి జ్ఞాపకశక్తి రచయితకు అడ్డువస్తుంది.

స్త్రీపాత్రల స్థితి

అభేద సంధానానికి మరో పరిమితి ఉన్నది. కథలు విడివిడిగా సాగినంతకాలం సునీత, భార్గవి, సలీమా ఎవరి కథలో వారు సగభాగస్వాములు. సలీమా పాత్ర అయితే తన కథకు తానే కేంద్రమనిపించేంత బలంగా ఉన్నది. కథలన్నీ ఒక పురుషుని జీవితమని తేలిన క్షణంలో వీరు ముగ్గురూ అతని జీవితంలోని దశలుగా మారిపోతారు. సునీత ఏమైంది, భార్గవి కాపురం ఎలా సాగింది అనే ప్రశ్నలకు ఇక చోటు లేదు. సలీమా మరణం కూడా ఆమెకు జరిగిన అన్యాయంగా కంటే అతనికి కలిగిన నష్టంగా గుర్తుండే ప్రమాదం ఉన్నది.

రచయిత ఈ ప్రమాదాన్ని కొంతవరకు గ్రహించినట్లు రాధ పాత్ర సూచిస్తుంది. ఆమెకు ఉద్యోగం, భాష, కూతురు, సొంత నిర్ణయం ఉన్నాయి. మొదటి మూడు కథల్లో స్త్రీ భవిష్యత్తును ఇతరులు నిర్ణయిస్తే, నాలుగవ కథలో అన్న వ్యతిరేకించినా నిర్ణయం రాధ చేతిలోనే ఉంటుంది. ఆ తేడా వల్లనే నాలుగవ కథ సఫలమవుతుంది. అయినా ఆ సాఫల్యం మొదటి ముగ్గురి నష్టాన్ని పూడ్చదు.

లఘుచిత్ర రచనకు అన్వయం

పై పరిశీలనను అరగంట నిడివిగల మూడు కథల లఘుచిత్రానికి అన్వయిస్తే రచనాపరమైన కొన్ని నిర్ణయాలు స్పష్టమవుతాయి. మూడు కథలను వరుసగా, ఒక్కొక్కటి తొమ్మిది నిమిషాల చొప్పున చెప్పవచ్చు. అప్పుడు కలయికకు మూడు నిమిషాలు మిగులుతాయి. కాని వరుసలో చెప్పినప్పుడు మొదటి కథ ముగిసిన వెంటనే ‘ఆ తరువాత ఈ పిల్లవాడు ఏమయ్యాడు’ అనే ప్రశ్న పుడుతుంది. దాని వెనుకనే రెండవ కథానాయకుడు వస్తే రహస్యం నిలవదు. కలగలిపి చెబితే మూడు కథలూ ఒకేసారి పరిచయం, అవరోధం, వియోగం అనే మెట్లు ఎక్కుతాయి. ప్రేక్షకుడు ఒక కథను మరొకదానితో పోలుస్తాడే తప్ప, ఒకదాని తరువాత మరొకటి జరిగిందని అనుకోడు. మూడు కథలకు మూడేసి దృశ్యాలు, దృశ్యానికి సుమారు మూడు నిమిషాలు. తొమ్మిది దృశ్యాలు ఇరవై ఏడు నిమిషాలకు సరిపోతాయి. ‘కేరాఫ్ కంచరపాలెం’ ఎంచుకున్న మార్గం కలగలుపుడే.

అయితే ఆ చిత్రంలో గతానికి మూడు, వర్తమానానికి ఒకటి చొప్పున నాలుగు కథలు ఉన్నాయి. మూడే ఉండాలంటే గతానివి రెండు, వర్తమానానిది ఒకటి కావాలి. అప్పుడు ఏ కథను వదులుకోవాలి? సుందరం కథను తీసివేస్తే రాజుకు దేవుడితో ఉన్న విరోధానికి మూలం పోతుంది. గడ్డం కథను తీసివేస్తే మతపు గుర్తు నుంచి గుర్తులేనితనానికి జరిగిన ప్రయాణంలో నడిమి మెట్టు పోతుంది. జోసెఫ్ కథను తీసివేస్తే భిన్నమతాల పేర్ల వల్ల ఏర్పడే దృష్టిభ్రమ చాలావరకు బలహీనపడుతుంది. ఏది తీసినా ఏదో ఒక ప్రశ్న జవాబులేకుండా మిగులుతున్నదంటే సంధానం గట్టిదని అర్థం. ‘తీన్ కన్యా’కు వర్తించిన తొలగింపు ఇక్కడ వర్తించదు. లఘుచిత్ర రచయిత ఈ కథలను కుదించడం కాక, రెండు గత కథలతోనే పూర్తయ్యే వేరొక ప్రశ్నను వర్తమాన కథలో నిలపవలసి ఉంటుంది. ముందు ప్రశ్న, తరువాత కథల సంఖ్య. ఈ క్రమం తారుమారైతే మూడవ కథ అంకె కోసం చేర్చినదవుతుంది.

కలయిక దృశ్యం రాసేటప్పుడు సంధానం బలహీనతను ఇంకొక విధంగా పసిగట్టవచ్చు. ఒక పాత్ర నిలబడి, ఎవరు ఎవరో సంభాషణలో వివరించవలసి వస్తే లోపం ఆ దృశ్యానిది కాదు. ముందు దృశ్యాల్లో విత్తనాలు పడలేదన్నమాట. రాజు నాస్తికత, అతని ఒంటరితనం, ఊరి వేళాకోళం మొదటి నుంచీ నాటిన విత్తనాలు. అందువల్ల ముగింపుకు పెద్ద వివరణ అవసరం కాలేదు.

ముగింపు

‘కేరాఫ్ కంచరపాలెం’లో మూడు గత కథలను ఒకటిగా నిలిపినది వాటి సమాన ఇతివృత్తం కాదు, ఊరూ కాదు. మనిషిని పేరుతో కొలిచే అలవాటును ప్రేక్షకునిలోనే ఉపయోగించుకొని, చివరికి ఆ అలవాటునే అతనికి చూపిన సంధానం అది. ఆ సంధానం కోసం చిత్రం తన నగర చరిత్రను, కొంత మేరకు తన స్త్రీపాత్రల స్వతంత్ర జీవితాన్ని వదులుకున్నది. అభేద సంధానంలో ఏదో ఒకటి దాచక తప్పదు. ఏది దాచాలన్నదే రచయిత చేతిలోని నిర్ణయం. కర్మాగారం పునాదిరాయి నుంచి నేటి వరకు మారుతూ వచ్చిన విశాఖను దాచకుండా, కాలాన్ని బాహాటంగా చూపుతూనే మనుషులను ముడివేయగల సంపుటి చిత్రం సాధ్యమేనా అన్నది ఈ పరిశీలన నుంచి మిగిలే ప్రశ్న. సూరన పూర్వజన్మలను చెప్పి మరీ ఆసక్తిని నిలిపాడు కనుక, రహస్యమే సంధానానికి ఏకైక ఆధారమని చెప్పలేము.